డిష్‌వాషర్ స్టార్ట్ అవ్వకపోతే: టెక్నీషియన్‌కి ఫోన్ చేసే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి

"డిష్‌వాషర్ స్టార్ట్ అవ్వట్లేదు" అని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఆ మాట వెనక మూడు వేర్వేరు పరిస్థితులుంటాయి. ప్యానెల్ మీద ఒక్క లైటూ వెలగకపోవడం మొదటిది. లైట్లు వెలిగినా స్టార్ట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం రెండోది. మొదలైనట్టే మొదలై, రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయి ఏదో కోడ్ చూపించడం మూడోది. మొదటిది కరెంటు సంగతి. రెండోది చాలావరకు తలుపు గానీ చైల్డ్ లాక్ గానీ. మూడోది ఎక్కువగా నీళ్ల సంగతి. మీ మెషీన్ ఈ మూడింటిలో ఏది చేస్తోందో ముందు తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

బెంగళూరులో మన తెలుగువాళ్ల ఫ్లాట్లలో నేను చూసినంతవరకు మెషీన్ నిజంగా పాడైన సందర్భాలు తక్కువ. కుళాయి దగ్గరో, సాకెట్ దగ్గరో, కింది ట్రేలో అడ్డంగా పెట్టిన గరిటె దగ్గరో సమస్య దొరుకుతుంది. అయినా చాలామంది సర్వీస్ కాల్ బుక్ చేసి, రెండు రోజులు ఎదురుచూసి, విజిట్ చార్జీ కట్టి, "సార్, ట్యాప్ ఆఫ్‌లో ఉంది" అనిపించుకుంటారు.

బాగున్న మెషీన్ ఎలా మొదలవుతుంది?

ఇది తెలియకే చాలామంది కంగారుపడతారు. స్టార్ట్ నొక్కి తలుపు వేయగానే నీళ్లు చిమ్మే చప్పుడు రాదు. ముందు డ్రెయిన్ పంపు కొన్ని సెకన్లపాటు "గుర్ర్" మంటూ అడుగున మిగిలిన నీటిని బయటికి తోస్తుంది. తర్వాత ఒక క్షణం నిశ్శబ్దం. అప్పుడు కుళాయి నుంచి నీళ్లు లోపలికి వస్తున్న సన్నటి "స్స్" శబ్దం వినిపిస్తుంది. తగినన్ని నీళ్లు చేరాకే లోపలి మోటారు తిరిగి, చిమ్మే చప్పుడు మొదలవుతుంది. కొత్త మెషీన్లు చాలా తక్కువ చప్పుడుతో పనిచేస్తాయి కాబట్టి, మిక్సీ తిరుగుతుంటే ఇవేవీ వినపడవు. వంటింట్లో చప్పుళ్లన్నీ ఆపి, తలుపుకి చెవి ఆనించి రెండు మూడు నిమిషాలు వినండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడే సమస్య ఉంది.

ఇంకో చిన్న మాట. సాల్ట్ అయిపోయిందని, రిన్స్ ఎయిడ్ లేదని లైటు వెలిగినంత మాత్రాన మెషీన్ ఆగదు. మన బోరు నీళ్లకి సాల్ట్ చాలా ముఖ్యమే, అది లేకపోతే గ్లాసుల మీద తెల్లటి పొర కడుతుంది. కానీ స్టార్ట్ కాకపోవడానికి అది కారణం కాదు.

ప్యానెల్ మొత్తం చీకటిగా ఉంటే

ముందు సాకెట్‌ని అనుమానించండి. డిష్‌వాషర్ నీళ్లు వేడి చేసేటప్పుడు సుమారు 2000 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. అందుకే దానికి గీజరుకి పెట్టే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. మామూలు 6 ఆంపియర్ల పాయింటుకి కన్వర్టర్ ప్లగ్ తగిలించి, లేదా వాషింగ్ మెషీన్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపితే, కొన్నాళ్లకు లోపలి కాంటాక్టులు కాలి వదులవుతాయి.

సాకెట్‌లో కరెంటు ఉందో లేదో చూడ్డానికి చాలామంది ఫోన్ చార్జరు పెడతారు. అది సరైన పరీక్ష కాదు. వదులైన కాంటాక్టు చార్జరుకి సరిపోయేంత కరెంటు ఇస్తుంది, బరువైన లోడు పడగానే చేతులెత్తేస్తుంది. టెస్టర్ కూడా ఫేజు ఉందని మాత్రమే చెబుతుంది, న్యూట్రల్ తెగిపోయినా దాని లైటు వెలుగుతుంది. ఇస్త్రీపెట్టె గానీ ఎలక్ట్రిక్ కెటిల్ గానీ అదే సాకెట్‌లో పెట్టి ఐదు నిమిషాలు నడపండి. ఇస్త్రీపెట్టె ప్లగ్గు చిన్నదైతే ఆ పెద్ద సాకెట్‌లో వదులుగా కూర్చుంటుంది, అప్పుడు పెద్ద ప్లగ్గున్న వస్తువుతోనే చూడండి. బాగా వేడెక్కితే సాకెట్ మంచిదే. స్విచ్ దగ్గర చిటచిటమన్నా, ప్లగ్గు తీసి చూస్తే పిన్నులు నల్లబడి ఉన్నా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఇక ఆ సాకెట్ వాడకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించండి.

సాకెట్‌లో కరెంటే లేకపోతే డిస్ట్రిబ్యూషన్ బోర్డు దగ్గరికి వెళ్లండి. అక్కడ కిచెన్ లేదా యుటిలిటీ అని రాసిన ఎంసీబీ కిందికి పడిపోయి ఉంటే ఒక్కసారి పైకి వేసి చూడండి. వెంటనే మళ్లీ పడితే వైరింగులోనో మెషీన్‌లోనో షార్టు ఉందని అర్థం. మళ్లీ మళ్లీ వేయకండి.

బెంగళూరు అపార్టుమెంట్లలో ఇంకో తిరకాసుంది. బెస్కాం కరెంటు పోయి జనరేటర్ వచ్చినప్పుడు హాల్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, వైఫై నడుస్తుంటాయి కాబట్టి కరెంటు ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ చాలా కాంప్లెక్సుల్లో జనరేటర్ బ్యాకప్ ఫ్లాట్‌కి ఇంత అని పరిమితంగా ఉంటుంది. యుటిలిటీలోని పెద్ద పాయింట్లు ఆ లైన్‌లో ఉండవు. ఇంటి ఇన్వర్టర్ కూడా అంతే. ఇల్లంతా వెలుగుతున్నా డిష్‌వాషర్ ఒక్కటే చీకటిగా ఉంటే, ముందు సెక్యూరిటీకి ఇంటర్‌కామ్ చేసి జనరేటర్ మీద ఉన్నామా అని అడగండి. జనరేటర్ మీదే పెద్ద పాయింట్లు కూడా నడిచే కాంప్లెక్సుల్లో సమస్య వేరేలా వస్తుంది. మెషీన్ మామూలుగానే మొదలవుతుంది, హీటర్ ఆన్ అవగానే లోడు దాటి ఫ్లాట్ మొత్తం ట్రిప్ అవుతుంది. మెయిన్స్ వచ్చేదాకా ఆగడమే దానికి మందు. చాలా మెషీన్లు ఎక్కడ ఆగాయో అక్కడినుంచే మళ్లీ మొదలుపెడతాయి.

సాకెట్ బాగుంది, ఎంసీబీ బాగుంది, అయినా ప్యానెల్ చీకటే. అప్పుడు ప్లగ్గు తీసి పది నిమిషాలు వదిలేయండి. వోల్టేజీ ఒడిదుడుకులకి కంట్రోల్ బోర్డు బిగుసుకుపోతే ఈ విరామంతో తేరుకుంటుంది. తేరుకోలేదంటే బోర్డో లోపలి ఫ్యూజో పోయి ఉండొచ్చు, అది మన చేతిలో పని కాదు.

లైట్లున్నాయి, కదలిక లేదు

ఇక్కడ చూడాల్సిన వరుస ఇది: డిలే టైమర్, తలుపు వేసే పద్ధతి, గొళ్లెం, చివరికి చైల్డ్ లాక్.

డిలే టైమర్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. డిస్‌ప్లే మీద 3h లాంటి అంకె కనబడి అది మెల్లగా తగ్గుతూ ఉంటే, మెషీన్ మూడు గంటల తర్వాత మొదలవ్వడానికి ఎదురుచూస్తోంది. ప్రోగ్రామ్ క్యాన్సిల్ చేసి మళ్లీ పెట్టండి. చాలా మోడళ్లలో స్టార్ట్ బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే రీసెట్ అవుతుంది. అప్పుడు అది ఒక నిమిషం నీళ్లు బయటికి తోసి ఆగుతుంది, ఆ తర్వాతే కొత్తగా స్టార్ట్ చేయాలి.

తలుపు వేసే పద్ధతి దగ్గర ఎక్కువమంది తడబడతారు. బటన్లు తలుపు పై అంచున ఉండే మోడళ్లలో, ముందు స్టార్ట్ నొక్కి, నాలుగు సెకన్లలోపు తలుపు వేసేయాలి. స్టార్ట్ నొక్కాక "అయ్యో, ఈ గ్లాసు మర్చిపోయా" అని ఇంకో గ్లాసు సర్దుతూ నిలబడితే ఆ గడువు దాటిపోతుంది. తలుపు వేసినా మెషీన్ అలాగే కూర్చుంటుంది. మధ్యలో తలుపు తీసి చెంచా వేసి, స్టార్ట్ నొక్కకుండా మూసేసినా ఇదే పరిస్థితి. పనావిడ చివర్లో రెండు ప్లేట్లు తెచ్చి పెట్టి తలుపు వేసి వెళ్లిపోయిన ఇళ్లలో, పొద్దున లేచి చూస్తే అంట్లు అంట్లలాగే ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. ఆమెకి ఆ ఒక్క బటన్ చూపిస్తే చాలు.

ఇక గొళ్లెం. తలుపు వేసినప్పుడు "టక్" మని గట్టిగా ఒక శబ్దం రావాలి. లోపలి చిన్న స్విచ్ ఆ టక్‌తోనే తలుపు పడిందని మెషీన్‌కి చెబుతుంది. ఆ సంకేతం అందకపోతే మెషీన్ కదలదు, నీళ్లు వంటిల్లంతా చిమ్మకుండా కాపాడే ఏర్పాటు అది. టక్ మెత్తగా వచ్చినా, తలుపు స్ప్రింగులా వెనక్కి తోసినా, లోపల ఏదో అడ్డుపడుతోంది. కింది ట్రేని పూర్తిగా లోపలికి తోసి, వెనక గోడకి తగిలే గిన్నె ఉందేమో చూడండి. మన వంటింట్లో నిందితులు దాదాపు ఎప్పుడూ ఇవే: కుక్కరు పిడి, మూకుడు చెవి, ముందుకు పొడుచుకొచ్చిన పొడుగు గరిటె, నిలబెట్టిన పెద్ద కంచం. పై ట్రే ఒకవైపు పట్టా మీంచి జారి వంకరగా ఉన్నా తలుపు చివరి సెంటీమీటరు దగ్గర ఆగిపోతుంది. పరీక్ష తేలిక. రెండు ట్రేలూ తీసి పక్కన పెట్టి, ఖాళీ మెషీన్ తలుపు వేసి చూడండి. టక్ స్పష్టంగా వచ్చిందంటే తప్పు సర్దడంలోనే ఉంది.

ఖాళీగా ఉన్నా పడకపోతే గొళ్లేన్నే చూడాలి. ప్లగ్గు తీసేసి, తలుపు తెరిచి, టార్చి వేయండి. చాలా మోడళ్లలో తలుపు పై అంచు మధ్యలో ఒక చీలిక, దానికి ఎదురుగా మెషీన్ పైభాగంలో ఒక కొక్కెం ఉంటాయి. కొన్నిట్లో ఇవి తారుమారుగా ఉంటాయి. ఆ చీలికలో ఎండిన దోశపిండి, గట్టిపడిన డిటర్జెంట్ పొడి, జిడ్డు పేరుకుని ఉంటాయి. గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. నూనె గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ కొట్టకండి, పక్కనే ఎలక్ట్రిక్ స్విచ్ ఉంటుంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎక్కడైనా ఊడి ముందుకొచ్చిందేమో వేలితో తడుముతూ ఒక చుట్టు రండి.

శుభ్రం చేశాక ప్లగ్గు పెట్టి, తలుపు వేసి, పై అంచు మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి. బటన్లు బయటే ఉంటే అలా నొక్కి ఉంచే స్టార్ట్ ఇవ్వండి. పై అంచున ఉంటే స్టార్ట్ ఇచ్చి, తలుపు వేసి నొక్కండి. నొక్కి పట్టినంతసేపు నడిచి, వదలగానే ఆగిపోతే మెషీన్ ఆరోగ్యంగానే ఉంది, గొళ్లెం సరిగ్గా కలుసుకోవట్లేదంతే. మాడ్యులర్ కిచెన్‌లో బిగించిన మెషీన్లలో ఇది తరచూ వస్తుంది. కార్పెంటర్ బిగించిన చెక్క ప్యానెల్ బరువుకి తలుపు కాస్త కిందికి వాలుతుంది, లేదా మెషీన్ ఒకవైపు ఒరుగుతుంది. ముందు కాళ్ల ఎత్తు సరిచేసి, స్పిరిట్ లెవెల్‌తో చూసుకుంటే చాలాసార్లు సరిపోతుంది. ఎంత నొక్కినా కదలకపోతే లోపలి స్విచ్ పోయి ఉండొచ్చు. ఆ స్విచ్ వైర్లు కలిపేసి నడిపిస్తామనే లోకల్ మెకానిక్‌లున్నారు. దానికి మాత్రం ఒప్పుకోకండి. తలుపు తెరిచినా వేడినీళ్లు చిమ్ముతూనే ఉంటాయి, పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం.

చైల్డ్ లాక్ లక్షణం వేరు. పవర్ బటన్ పనిచేస్తుంది, మిగతా బటన్లు ఏవి నొక్కినా బీప్ అంటాయి గానీ ఏమీ మారదు. డిస్‌ప్లే మీద తాళం లేదా తాళంచెవి గుర్తు కనబడుతుంది. ఎల్‌జీ మోడళ్లలో CL అని అక్షరాలు వస్తాయి. అది ఎర్రర్ కోడ్ అనుకుని హడలిపోయేవాళ్లున్నారు. ఇంట్లో పిల్లలే లేరు, లాక్ ఎవరు వేశారు అనే ప్రశ్నకు జవాబు తుడిచే గుడ్డ. టచ్ ప్యానెల్‌ని తడిగుడ్డతో నిదానంగా తుడుస్తుంటే, ఒకే చోట మూడు సెకన్లు ఒత్తిడి పడి లాక్ పడిపోతుంది. తాళం బొమ్మ ఉన్న బటన్‌ని, రెండు బటన్ల మధ్య గీత గీసి తాళం వేసి ఉంటే ఆ రెంటినీ కలిపి, మూడు నుంచి ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి. వేళ్లు పొడిగా ఉండాలి, తడి వేలిని టచ్ ప్యానెల్ సరిగ్గా గుర్తించదు. ఆ బొమ్మ ఎక్కడా లేకపోతే మాన్యువల్‌లో వెతకడం తప్ప దారి లేదు, ఒక్కో మోడల్‌కి ఒక్కో జోడీ.

మొదలై, నీళ్ల దగ్గర ఆగిపోతే

బెంగళూరు వాళ్లు ఎక్కువగా చదవాల్సింది ఈ భాగమే. డ్రెయిన్ పంపు చప్పుడు వస్తుంది, "స్స్" మాత్రం రాదు, లేదా సన్నగా వచ్చి ఆగిపోతుంది. కొన్ని నిమిషాలకి కుళాయి గుర్తో కోడో కనబడుతుంది. బాష్, సీమెన్స్‌లో E18, ఎల్‌జీలో IE, శాంసంగ్‌లో 4C లేదా 4E అంటే నీళ్లు చాలట్లేదని అర్థం.

మొదట యుటిలిటీలో మెషీన్ పైపు బిగించిన కుళాయి పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. ప్లంబర్ వచ్చిపోయాక, ఊరెళ్లి వచ్చాక అది మూసి ఉండటం మామూలే. మెషీన్‌ని వెనక్కి నెట్టినప్పుడు పైపు మడతపడిందేమో కూడా చూడండి. తర్వాత కాంప్లెక్స్‌లో నీళ్ల టైమింగులున్నాయేమో కనుక్కోండి. 2024 వేసవిలో బోర్లు ఎండి, కావేరీ నీళ్లు చాలక, తాగునీటితో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన రోజుల్లో చాలా అపార్టుమెంట్లు వాల్వులు తిప్పి ప్రెషర్ తగ్గించాయి. అలా తగ్గించిన వాల్వులు ఇప్పటికీ అలాగే ఉన్న చోట్లున్నాయి.

ప్రెషర్ లెక్క తేలికే. నీటి ట్యాంకు కుళాయికన్నా 10 మీటర్ల ఎత్తులో ఉంటే దాదాపు 1 బార్ ప్రెషర్ వస్తుంది. చాలా డిష్‌వాషర్లకి కనీసం 0.5 బార్ కావాలి, కొన్ని 0.3తో సరిపెట్టుకుంటాయి. అంటే ట్యాంకు మన కుళాయికి ఐదు మీటర్లయినా పైన ఉండాలి. పై అంతస్తువాళ్లకి ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది కాబట్టి నీళ్లు జోరుగా వస్తాయనుకుంటారు. నిజానికి వాళ్లకే ప్రెషర్ అందరికన్నా తక్కువ.

కొలవడానికి బకెట్టు చాలు. కుళాయి కట్టేసి, మెషీన్ పైపుని కుళాయి నుంచి విప్పి, కింద 10 లీటర్ల బకెట్టు పెట్టి కుళాయి పూర్తిగా తిప్పండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. నిమిషంలోపు నిండితే కుళాయి తప్పు లేదు. రెండు నిమిషాలు పడితే నీళ్లు చాలవు, ఆ సంగతి సొసైటీతోనో ప్లంబర్‌తోనో తేల్చుకోవాలి.

మారతహళ్లిలో మా పిన్ని వాళ్లింట్లో జరిగింది చెబుతాను, ఈ వరుస ఎలా పనికొస్తుందో అందులో తెలుస్తుంది. మూడో అంతస్తు, బోరు ఎండిపోవడంతో కొన్ని వారాలుగా అంతా ట్యాంకర్ నీళ్లే. "ఏరా, పంపు కాలిపోయినట్టుంది, గుర్రుమని ఆగిపోతోంది" అని ఫోన్ చేసింది. గుర్రుమందంటేనే కరెంటు, తలుపు, లాక్ మూడూ బాగున్నట్టు లెక్క. వాటి జోలికి పోకుండా నేరుగా బకెట్టు పరీక్షకి వెళ్లాం. 10 లీటర్లు ముప్పావు నిమిషంలో నిండాయి. కుళాయిలో దండిగా నీళ్లున్నాయి, మెషీన్‌లోకి మాత్రం వెళ్లట్లేదు. మధ్యలో మిగిలింది పైపు, దాని జాలీ.

ఆ జాలీ సాధారణంగా పైపు కుళాయికి బిగించే నట్టు లోపల ఉంటుంది, కొన్నిట్లో మెషీన్ వెనక పైపు తగిలే చోట ఉంటుంది. పావలా బిళ్లంత గుండ్రటి ప్లాస్టిక్ జల్లెడ. టార్చి వేసి చూస్తే కన్నాలే కనబడలేదు, ఎర్రమట్టి మెత్తగా పూసినట్టు పట్టేసి ఉంది. ముక్కు పట్టకారుతో పట్టుకుని సున్నితంగా లాగితే వచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కుళాయి కింద వెనకవైపు నుంచి నీళ్లు పోనిస్తే మట్టి పోయింది. అంచున మిగిలిన తెల్లటి గట్టి పొర బోరు నీళ్ల సున్నం, బ్రష్షుకి లొంగదు. దాన్ని వెనిగర్‌లో అరగంట నానబెట్టాల్సి వచ్చింది. మళ్లీ బిగించేముందు రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసి, నట్టు చేత్తోనే బిగించి, కుళాయి తిప్పి, కాగితపు రుమాలు చుట్టి చూశాం. తడి తగల్లేదు. స్టార్ట్ ఇచ్చాక గుర్ర్, నిశ్శబ్దం, ఆ తర్వాత స్స్. పిన్ని మాత్రం పంపు గురించి ఇంకా అనుమానంగానే చూసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని మెషీన్లకి కుళాయి చివర పిడికిలంత ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. లీకేజీ వస్తే నీళ్లు ఆపే కరెంటు వాల్వు అందులో ఉంటుంది. జాలీని తీసి కడగొచ్చు గానీ ఆ డబ్బాని నీళ్లలో ముంచకూడదు, పైపు పొడవు చాలలేదని కోసి అతకకూడదు.

జాలీ శుభ్రంగా ఉంది, బకెట్టు నిమిషంలో నిండింది, అయినా నీళ్లు రావట్లేదంటే లోపలి ఇన్‌లెట్ వాల్వు పోయి ఉండొచ్చు. అది టెక్నీషియన్ మార్చాల్సిన భాగం. పై అంతస్తులో ప్రెషరే చాలకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవచ్చు, అయితే ముందు సొసైటీని అడగండి. ఈలోగా మిగతా ఇళ్లలో వాడకం తక్కువగా ఉండే రాత్రి పదకొండు తర్వాత నడిపి చూడండి.

ఇక్కడితో ఆపి ఫోన్ చేయాల్సినవి

మెషీన్ నడుస్తుండగా నీళ్లు వేడెక్కే సమయానికి ప్రతిసారీ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, పడిపోతే హీటర్‌లో కరెంటు లీకవుతోందని అనుమానించాలి. ప్లగ్గు తీసేసి వదిలేయండి. డ్రెయిన్ పంపు ఆగకుండా తిరుగుతూ బాష్ మెషీన్‌లో E15 వచ్చినా, ఏ మెషీన్ కింద తడి కనబడినా, అడుగున నీళ్లు చేరాయి. కుళాయి కట్టేసి, ప్లగ్గు తీసేయండి. రీసెట్ చేసి ప్రయత్నించొద్దు, లీకేజీ ఎక్కడుందో తేలేదాకా అది మళ్లీ వస్తుంది.

ఫోన్ చేసేటప్పుడు "స్టార్ట్ అవ్వట్లేదు" అని ఊరుకోకండి. తలుపు లోపలి అంచున ఉన్న స్టిక్కర్ మీది మోడల్ నంబరు, కనబడిన కోడ్, ఏ చప్పుడు దాకా వచ్చి ఆగిందో, బకెట్టు ఎంతసేపట్లో నిండిందో చెప్పండి. స్విచ్చో వాల్వో ఏది తేవాలో వాళ్లకి ముందే ఒక అంచనా ఉంటుంది. మీ కాంప్లెక్స్‌లో నీళ్ల టైమింగులుంటే, నీళ్లొచ్చే గంటలోనే విజిట్ పెట్టించుకోండి.